ఇంట్లో బాత్‌టబ్ పెట్టాలా వద్దా? విడి టబ్, గోడకు కట్టే టబ్, అసలు టబ్ లేకుండ: మన పాలమూరు ఇంటి లెక్క

అన్నలకు, అక్కలకు నమస్తే. నేనిప్పుడు మహబూబ్‌నగర్‌ల, భూత్పూర్ రోడ్డు దిక్కు మా చెల్లెలు కట్టుకుంటున్న ఇంట్ల ఉన్న. వెనకాల కనిపిస్తున్నది పైఅంతస్తు బాత్రూం. ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు. గోడలకు ఇంకా టైల్స్ వెయ్యలే, కింద పైపుల కోసం వదిలిన గుంత కూడా పూడ్చలే. టబ్ సంగతి తేల్చుకోవాల్సింది ఇప్పుడే. టైల్స్ పడ్డంక ఆలోచిస్తే మళ్ళ పగలగొట్టుడే.

ఇంట్ల ఉండేది ఐదుగురు. చెల్లె, బావ, ఇద్దరు చిన్న పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న అత్తమ్మ. చెల్లెకు షోరూంల చూసిన విడి టబ్ మీద మనసు. అదేనండి, గోడకు ఆనకుండ నడిమిట్ల నిలబడే తెల్ల టబ్. బావకేమో గోడకు కట్టేది చాలు. అత్తమ్మ అయితే బకెట్, చెంబు ఉంటే చాలంటది.

ముందు విడి టబ్ చూద్దాం. టేప్ పెట్టి కొలుద్దాం రండి. ఈ టబ్ పొడవు ఐదున్నర అడుగులు. గది వెడల్పు ఆరు. అడ్డంగ పెడితే అటు మూడించులు, ఇటు మూడించులు మిగుల్తయి. ఆ సందుల చెయ్యి పెట్టి తుడవడం కాదు. వెంట్రుకలు, సబ్బు జిగురు, దోమలు అన్నీ అక్కడ్నే చేరుతయి. చుట్టూ కనీసం ఆరించులు, వీలైతే అడుగు వదలాలె. నిలువుగ పెడితే జాగ దొరుకుతది కానీ, కమోడ్‌కు పోయే తొవ్వ ఇరుకైతది.

ఇంకోటి బరువు. టబ్, దాన్నిండ నీళ్ళు, అందుల మనిషి, అన్నీ కలిస్తే మూడు వందల కిలోల పైనే. అదంతా చదరపు మీటరున్నర కూడ లేని జాగల పడుతది. మామూలు ఇంటి స్లాబును చదరపు మీటరుకు రెండు వందల కిలోల వాడకం బరువు అనుకొని డిజైన్ చేస్తరు. స్లాబు విరిగి పడుతదని భయపెడ్తలేను. కానీ పైఅంతస్తుల పెట్టేటట్టుంటే ఇంజినీరుకు ముందే చెప్పాలె. మేస్త్రి "ఏం కాదన్నా" అన్న మాట మీద పోవద్దు.

ఇగ అసలు ముచ్చట వేడి నీళ్ళది. మూడింట్ల ఏది పెట్టాలో ఇదే తేలుస్తదని నేనంట. షోరూంల ఎవరూ ఈ లెక్క చెప్పరు, జర మెల్లగ చూద్దాం. డిసెంబర్ పొద్దుగాల మన ట్యాంకు నీళ్ళు ఇరవై డిగ్రీలున్నయనుకుందాం. గీజర్ల నీళ్ళు అరవై డిగ్రీలు. టబ్‌ల హాయిగ కూసోవాలంటే నలభై కావాలె. అంటే సగం వేడివి, సగం చల్లవి. గోడకు కట్టే ఐదడుగుల టబ్‌కు నూట యాభై లీటర్లు పోస్తమనుకుంటే, డెబ్బై ఐదు లీటర్లు వేడివే కావాలె. మన ఇండ్లల్ల పెద్దదంటే ఇరవై ఐదు లీటర్ల గీజరు. అది మూడుసార్లు నిండుగ కాగాలె. రెండు కిలోవాట్ల గీజరు ఒక్కసారి కాగనీకె ముప్పై ఐదు నిమిషాలు పడుతది. మూడోసారి కాగే వరకు మొదలు పోసినయి చల్లగైతయి. కరెంటు మూడున్నర యూనిట్లు అయితది. విడి టబ్ అయితే రెండు వందల లీటర్లు దాటుతది, అప్పుడు నాలుగు గీజర్ల నీళ్ళు కావాలె.

మిద్దె మీద సోలార్ హీటర్ ఉన్నోళ్ళకు ఈ బాధ తక్కువ. రెండు వందల లీటర్ల సోలార్ ట్యాంకుంటే ఎండ కాసిన రోజు టబ్ నిండుతది. కానీ ఒక్కరు టబ్ నింపుకుంటే మిగిలిన నలుగురికి చాలీచాలని నీళ్ళు. ఐదుగురున్న ఇంట్ల పొద్దుగాల అది కుదరదు.

నీళ్ళ గుణం గూడ చెప్పాలె. మన బోరు నీళ్ళతోని టబ్‌ల నీటిమట్టం దగ్గర తెల్ల గీత కడుతది. అది సున్నం పేరుకునుడు. దాన్ని పీచుతోని, పౌడర్‌తోని రుద్దితే యాక్రిలిక్ టబ్ మీద గీతలు పడి మెరుపు పోతది, ఆ గీతలల్ల మురికి ఇంకా పట్టుకుంటది. బాత్రూం యాసిడ్ అసలే వద్దు. నిమ్మ ఉప్పు నీళ్ళల్ల కలిపి బట్టతోని తుడిచి కడిగేయాలె. టబ్ వాడిన ప్రతిసారి పొడి బట్టతోని తుడిస్తే అంతదూరం పోదు. నల్లగొండ దిక్కోళ్ళు ఫ్లోరైడ్ గురించి అడుగుతరు. ఆ ఇబ్బంది తాగే నీళ్ళతోని, వంటతోని. తానం చేస్తే చర్మం నుంచి లోపలికి పోయేది కాదు, ఆ భయం పెట్టుకోవద్దు.

గోడకు కట్టే టబ్ ఈ గదికి కొలతల ప్రకారం మంచిగనే సరిపోతది. ఐదడుగులు టబ్, మిగిలిన అడుగు గట్టు. కానీ మన దగ్గర దీన్ని ఎట్ల కడతరంటే, టబ్ దించి, కింద ఇసుక నింపి, ముందట ఇటుక గోడ కట్టి టైల్స్ అంటించి మూసేస్తరు. రెండేండ్లకు కింద గది సీలింగ్‌కు చెమ్మ వస్తది. యాడ కారుతుందో చూద్దామంటే లోపలికి పోయే తొవ్వే ఉండదు. టబ్ పగలగొట్టాల్సిందే.

అందుకే నీళ్ళు పోయే దిక్కు ఆ అడుగు గట్టుల అడుగుxఅడుగు తలుపు పెట్టించుకోవాలె. పైన టైల్ అంటించినా సరే, ఊడి రావాలె. వాటర్‌ప్రూఫింగ్ టబ్ వెనక గోడకు, కింద నేలకు గూడ కొట్టాలె. టబ్ పెడుతున్నం కదా అని మేస్త్రి అక్కడ వదిలేస్తడు. ఇగ గోడకు, టబ్ అంచుకు నడుమ సిమెంటు కాదు, సిలికాన్ వెయ్యాలె. అది గూడ టబ్‌ల నీళ్ళు నింపినంక వెయ్యాలె. బరువుకు టబ్ కొంచెం కిందికి దిగుతది. ఖాళీ టబ్ మీద వేస్తే, నింపిన నాడు ఆ సందు తెరుచుకుంటది. సిలికాన్ గట్టిపడే దాకా నీళ్ళట్లనే ఉంచాలె.

తలుపుంటే లీకేజీ యాడిదో పట్టుకోవచ్చు. ముందు గోడలు తడవకుండ పైన ఓవర్‌ఫ్లో రంధ్రం దాకా నింపి కొన్ని గంటలు వదిలి టార్చ్ వేసి చూడాలె. తడి కనిపిస్తే టబ్‌దో, దాని వాషర్‌దో. పొడిగుంటే నీళ్ళు ఒక్కసారి వదలాలె, అప్పుడు తడిస్తే పైపు జాయింటుది. రెండిట్ల రాకుంటే గోడ మీద షవర్ కొట్టి చూడాలె, అప్పుడు వస్తే సిలికాన్‌ది.

ఇంత చూసినంక నేను చెల్లెకు చెప్పింది ఏందంటే, టబ్ వద్దు. ఇద్దరు పిల్లలు రెండు మూడేండ్లు ఆడుకుంటరు, వాళ్ళకు పెద్ద ప్లాస్టిక్ టబ్బు చాలు. అత్తమ్మ ఆ రెండడుగుల అంచు దాటి దిగలేదు. ఆమెకు కింది బాత్రూంల కూసోనీకె గట్టు, గోడకు పట్టుకునే కడ్డీ, జారని టైల్స్ కావాలె. టబ్ పైసలు అక్కడ పెట్టండి. ఇంట్ల రోజూ టబ్‌ల కూసునేటోళ్ళు ఉండి, సోలార్ ఉండి, కింది అంతస్తుల గది ఉంటే, అప్పుడు తలుపుతోని గోడ టబ్ కట్టించుకోండి. విడి టబ్ అయితే, గది ఎనిమిదడుగుల వెడల్పన్న లేకుంటే వద్దంట.

చెల్లె ఒప్పుకుంది, కానీ ఆశ పూర్తిగ ఇడవలే. అందుకే గుంత పూడ్చకముందే ఆ గోడ మూలకు రెండించుల డ్రైన్ పైపు ఒకటి వేసి మూత బిగిస్తున్నం, వేడి, చల్ల నీళ్ళ పైపులు గూడ గోడల వదిలి మూస్తున్నం. పూడ్చేముందు టేప్ పక్కన పెట్టి అన్ని పైపుల ఫోటోలు తీసుకుంటున్న. ఇగో, ఇది ఈ మూల నుంచి పద్నాలుగు ఇంచులు.