జలుబు వైరస్‌కి ముక్కే ఎందుకు నచ్చింది? 33 డిగ్రీల కథ

ఒంటి టెంపరేచర్ ఎంత అంటే అందరం టక్కున 37 అనేస్తాం కదా, కానీ ముక్కు లోపల అంత ఉండదండి. గాలి పీల్చిన ప్రతిసారీ ఆ లోపలి పొర చల్లబడుతూనే ఉంటుంది, మామూలుగా 33 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటుంది, అదే గాలి ఊపిరితిత్తుల లోపలికి దిగేసరికి వేడెక్కి 37కి వచ్చేస్తుంది. ఈ రెండు నుంచి నాలుగు డిగ్రీల తేడా గురించే ఇవాళ్టి వీడియో.

[స్క్రీన్ మీద: ముక్కు 33–35, ఊపిరితిత్తులు 37]

ఇంగ్లండ్‌లో సాలిస్‌బరీ దగ్గర 1946లో కామన్ కోల్డ్ యూనిట్ అని ఒకటి పెట్టారు. వాలంటీర్లు అక్కడికి వచ్చి కావాలనే జలుబు అంటించుకునేవాళ్లు, నిజంగా! జలుబు చేసినవాళ్ల ముక్కు కడిగిన నీళ్లు ఇంకొకరి ముక్కులో చుక్కలేస్తే వాళ్లకీ జలుబొచ్చేది, అంటే వైరస్ అందులో ఉన్నట్టే, కానీ అదే నీళ్లు ల్యాబ్‌లో పెంచుతున్న కణాల మీద వేస్తే చాలాసార్లు ఏమీ కనపడేది కాదు. ఎందుకంటే ల్యాబ్ ఇంక్యుబేటర్లన్నీ అలవాటు ప్రకారం 37లో పెట్టి ఉండేవి. 1960లో డేవిడ్ టైరెల్ టీమ్ టెంపరేచర్‌ని 33కి దించి, కణాలు బతికే ద్రవాన్ని కొంచెం ఆమ్లం వైపుకి మార్చి, ట్యూబుల్ని మెల్లగా తిప్పుతూ ఉంచారు, అంటే దాదాపు ముక్కు లోపల ఎలా ఉంటుందో అలా. అప్పుడు కణాలు దెబ్బతినడం మైక్రోస్కోప్‌లో కనపడింది, వైరస్ దొరికింది. అవే రైనోవైరస్‌లు.

సరే, 33 అంటే ఎందుకంత ఇష్టం? దాని ఎంజైములు చల్లగా ఉంటేనే బాగా పనిచేస్తాయేమో అని మనకి ముందుగా తడుతుంది. కానీ 2015లో యేల్ యూనివర్సిటీలో ఎలెన్ ఫాక్స్‌మన్, అకికో ఇవాసాకి వాళ్లు చూపించింది వేరు. ఎలుక శ్వాసనాళం కణాల్ని 33లో కొన్ని, 37లో కొన్ని పెట్టి, ఎలుకలకి అలవాటు చేసిన రైనోవైరస్ ఎక్కించారు. 37లో ఉన్న కణాలు వైరస్‌ని పసిగట్టగానే ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రొటీన్‌ని గట్టిగా విడుదల చేశాయి, 33లో ఉన్నవి నీరసంగా స్పందించాయి. అసలు ట్విస్ట్ ఇక్కడ, ఆ హెచ్చరిక వ్యవస్థ జీన్లు తీసేసిన కణాల్లో ఇదే వైరస్ 37లో కూడా బాగానే పెరిగింది! అంటే దానికి వేడి పడకపోవడం ఒక్కటే కాదు, చల్లటి చోట మన కాపలావాడు కునుకు తీస్తున్నాడన్నమాట. తర్వాత మనిషి కణాల్లో చూస్తే, ఇంటర్‌ఫెరాన్ లేకపోయినా 37లో సోకిన కణాలు త్వరగా చచ్చిపోవడం, వైరస్ ఆర్ఎన్ఏని ముక్కలు చేసే ఎంజైమ్ చురుగ్గా ఉండటం, ఇలాంటి వేరే అడ్డంకులు కూడా బయటపడ్డాయి.

కానీ రైనోవైరస్ ముక్కు దాటదు అనుకోకండి. ఆస్తమా ఉన్నవాళ్లకి ఉబ్బసం ఎక్కువయ్యేది చాలాసార్లు దీనివల్లే, ముఖ్యంగా పిల్లల్లో సీ రకం.

మరి మిగతా వైరస్‌లకీ దీనికీ తేడా ఏంటి? పోలియో వైరస్ దీనికి దగ్గరి చుట్టం, ఒకే ప్రజాతి, కానీ పోలియో కడుపులో ఆమ్లాన్ని తట్టుకుని పేగుల్లోకి పోతుంది, రైనోవైరస్ ఆమ్లం తగిలితే చెడిపోతుంది, అందుకే కడుపు దాటలేదు. ఇక 229ఈ, ఓసీ43 లాంటి జలుబు కరోనావైరస్‌లకి పైన కొవ్వు పొర ఉంటుంది, దీనికి లేదు, ఒట్టి ప్రొటీన్ పెంకే. సీజన్ కూడా వేరు, చలి దేశాల్లో ఆ కరోనాలు నడి చలికాలంలో ఎక్కువ, రైనోవైరస్ మాత్రం సెప్టెంబర్ దగ్గర స్కూళ్లు తెరిచాక ఒకసారి, వసంతంలో ఒకసారి. చల్లటి ముక్కు వేరు, చల్లటి వాతావరణం వేరు అని ఇక్కడే అర్థమవుతుంది. ఇంకోటి, ఫ్లూ శ్వాసనాళం పొరని బాగా దెబ్బతీస్తుంది, రైనోవైరస్ మాత్రం ముక్కు పొరని పెద్దగా పాడుచెయ్యదు, ఆ కారడం, మూసుకుపోవడం ఎక్కువగా మన శరీరం రియాక్షనే. పైగా 160కి పైగా రకాలు, ఒకదానికి వచ్చిన రక్షణ ఇంకోదానికి సరిగ్గా పనిచెయ్యదు, వ్యాక్సిన్ రాకపోవడానికి పెద్ద కారణం ఇదే.

ఇప్పుడు కామెంట్లలో మీరు అడిగేది నాకు తెలుసు, అయితే ఆవిరి పడితే వైరస్ చస్తుందా అని. ఇదీ టెస్ట్ చేశారండి. 1989లో టైరెల్ వాళ్లే 43 డిగ్రీల తడిగాలి ముక్కులోకి పంపి చూస్తే లక్షణాలు తగ్గినట్టు కనిపించింది, కానీ మరుసటి ఏడాది అమెరికాలో చేసిన ట్రయల్‌లో ఏ లాభమూ కనపడలేదు. కాసేపు ముక్కు తెరుచుకుని హాయిగా అనిపిస్తే పట్టుకోండి, కాదనను, కానీ చిన్నపిల్లల్ని దుప్పటి కప్పి మరిగే గిన్నె ముందు మాత్రం కూర్చోబెట్టొద్దు, అది ఒలికితే ఒళ్లు కాలిపోతుంది.