సకినాలు ప్రతిసారీ ఒకే రుచి రావాలంటే: కాటా పక్కన వేలాడే ఒక్క కాగితం

“అన్నా, మాది హన్మకొండ. ఇంట్లోనే సకినాలు చేసి, పావు కిలో ప్యాకెట్లు కట్టి కిరాణా షాపులకు వేస్తున్నాం. బియ్యం అవే, నూనె అదే, చుట్టే ఆడవాళ్లూ వాళ్లే. అయినా ఒక వారం కరకరలాడుతయి, ఒక వారం పళ్లు విరిగేంత గట్టిగా వస్తున్నయి. ఉప్పు కూడా ఒకసారి ఒక తీరుగ ఉంటున్నది. ఏమేం చెక్ చేసుకోవాలె?”

అక్కా, ముందు బియ్యంలో దాక్కున్న నీళ్ల దగ్గర మొదలుపెడదాం. మీ బాధలో సగం అక్కడే ఉంది.

పొడి బియ్యం పది కిలోలు రాత్రంతా నానబెట్టి, పొద్దున నీళ్లు వంచి, బట్ట మీద ఆరబోసి, గిర్నీకి పంపుతారు కదా. ఆ తడి పిండి జల్లించాక ఎంత బరువుందో ఎప్పుడైనా తూచారా? దాదాపు ఎవరూ తూచరు. ఒక రోజు పన్నెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు ఉంటుంది. ఇంకో రోజు పన్నెండు కిలోల మూడు వందలే ఉంటుంది. ఎందుకంటే ఆ రోజు ఎవరో ఫ్యాను కింద ఆరబోసి మరిచిపోయారు, లేదా కొత్త బస్తా విప్పారు. బియ్యం పాతవా కొత్తవా, దొడ్డువా సన్నవా అన్నదాన్ని బట్టి నీళ్లు పీల్చుకోవడం మారిపోతుంది. ఇది తెలియక రోజూ అదే చెంబుతో అన్నే నీళ్లు పోస్తే, ఒక రోజు పిండి సరిగ్గా వస్తుంది, ఇంకో రోజు అర లీటరు నీళ్లు తక్కువ పడతాయి. అర లీటరు తక్కువైన పిండి చుట్టేటప్పుడు వేళ్ల మధ్య పగుళ్లు ఇస్తుంది, వేగాక రాయవుతుంది.

మా దగ్గర నేను పెట్టుకున్న లెక్క చెప్తాను. పది కిలోల పొడి బియ్యానికి నువ్వులు ఒక కిలో, వాము నూట యాభై గ్రాములు, ఉప్పు రెండు వందల ఇరవై గ్రాములు. నీళ్లు ఎన్ని పోయాలో మాత్రం ముందే రాసుకోను. అన్నీ కలిసిన ముద్ద చివరికి ఎంత బరువుండాలో రాసుకుంటాను. మాకది పదిహేడున్నర కిలోలు. మీ బియ్యానికి ఇంకో అంకె రావచ్చు. మీకు సకినాలు బ్రహ్మాండంగా కుదిరిన రోజు ముద్దను తూచండి, అదే మీ అంకె.

ఇప్పుడు చేసి చూద్దాం. సోమవారం జల్లించిన పిండి 12.8 కిలోలు. నువ్వులు, వాము, ఉప్పు కలిపి 1.37 కిలోలు. మొత్తం 14.17. పదిహేడున్నరకు తక్కువైంది 3.33. అంటే మూడు కిలోల మూడు వందల ముప్పై గ్రాముల నీళ్లు తూచి పోయాలి. గురువారం పిండి 12.3 వచ్చింది, మిగతావి అవే. ఈసారి 3.83 పోయాలి. నీళ్లు మారాయి, ముద్ద మారలేదు. ఇంతకు మించిన లెక్కేమీ లేదు, కానీ రెండు రోజుల సకినాలు పక్కపక్కన పెట్టి విరిస్తే ఒకే చప్పుడు వస్తుంది.

ఇందులో ఒక చిన్న మోసం ఉంది. జల్లెడలో మిగిలిన రవ్వను కొందరు పారేస్తారు, కొందరు కోళ్లకు వేస్తారు. అలా చేస్తే మీ పది కిలోలు పది కిలోలుగా ఉండవు. రవ్వ మళ్లీ గిర్నీ పట్టించి, జల్లించి, కలిపాకే తూచండి.

ఇక ఉప్పు. మీ ఉప్పు మారడానికి కారణం చేతులు. ఒకరి గుప్పెడు నలభై గ్రాములుంటే ఇంకొకరిది యాభై ఐదు. చెంచాతో కొలిచినా అంతే, ఎందుకంటే దొడ్డుప్పు చెంచాకు, సన్నుప్పు చెంచాకు బరువు వేరు. కాబట్టి ఉప్పును గ్రాముల్లోనే తూచాలి. అదీ తడి పిండిని చూసి కాదు, పొడి బియ్యం తూకాన్ని బట్టి. పొడి బియ్యం పది కిలోలంటే ఎండైనా వానైనా దాదాపు పది కిలోలే. తూచిన ఉప్పును పొడిగా చల్లకండి, పోయబోయే నీళ్లలో కరిగించి, వడగట్టి పోయండి. పొడిగా చల్లితే ముద్దలో ఒక మూల ఉప్పెక్కువ, ఇంకో మూల చప్పన. అప్పుడు ఒకే ప్యాకెట్‌లో రెండు రుచులు వస్తాయి.

మురుకులు, కారప్పూస చేసేవాళ్లకు ఇదే తలనొప్పి మిర్చితో ఉంటుంది. మన వరంగల్ చపాటా మిర్చి ఎర్రటి రంగిస్తుంది, కారం తక్కువ. తేజా వేస్తే మంట ఎక్కువ. గ్రాములు మార్చకుండా రకం మార్చారా, ప్యాకెట్ మీ పేరుతోనే ఉంటుంది కానీ తిన్నవాడికి వేరే షాపు సరుకులా అనిపిస్తుంది.

సరే, చుట్టారు. బట్ట మీద ఎంతసేపు ఉంచుతున్నారో చూడండి. మాకు అరగంట. ఎండాకాలం ఫ్యాను కింద గంట దాటితే పైపొర ఎండిపోతుంది, వేసేటప్పుడు విరుగుతుంది, వేగాక గట్టిపడుతుంది. అందుకే ముద్ద అంతా ఒకేసారి చుట్టి పెట్టుకోవద్దు, కడాయి ఎంత లాగగలదో అంతే చుట్టాలి. మిగిలిన ముద్ద మీద తడి బట్ట కప్పండి. మే నెల మన వరంగల్ ఎండల్లో తడి పిండి మూడు గంటలు దాటితే పులుపు తిరగడం మొదలవుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిపోతుంది.

నూనె దగ్గర నేనే దెబ్బతిన్నాను, అందుకే కాసేపు ఆగుతాను. మొదటి ఏడాది ఒక గన్‌లాంటి థర్మామీటరు కొన్నాను, దూరం నుంచి చూపిస్తే వేడి చెప్పేది. అది నూనె పైపైన మాత్రమే కొలుస్తుంది. పైన నురగ, ఆవిరి ఉంటే తప్పు చూపిస్తుంది. నేనేమో నూట డెబ్బై ఐదు చూపిస్తోందని నిశ్చింతగా ఉన్నాను, లోపల అంత లేదు. సకినాలు నూనె తాగేశాయి. ఒక షాపాయన నలభై ప్యాకెట్లు తిరిగిచ్చాడు, కవరు లోపల నూనె చారలు కనబడుతున్నాయని. ఇప్పుడు పొడుగు పుల్ల ఉన్న థర్మామీటరు నూనెలో ముంచి చూస్తాను. వాయి వేసే ముందు నూట డెబ్బై ఐదు డిగ్రీలు. వేయగానే నూట యాభై ఐదు దాకా పడిపోతుంది, అది మామూలే. రెండు మూడు నిమిషాల్లో మళ్లీ పైకి రాకపోతే వాయి పెద్దదైందని అర్థం. మా పది లీటర్ల నూనెకు వాయికి నలభై సకినాలు, దాదాపు కిలో పిండి. పండగ ఆర్డర్ల టెన్షన్‌లో అరవై వేస్తారు, అక్కడే పాడవుతుంది.

వేగాయా లేదా అనేది రంగుతో చెప్పడం కష్టం, ట్యూబ్‌లైటు కింద ఒక రంగు, పొద్దున ఎండలో ఇంకో రంగు. నేను తూకంతో చూస్తాను. చుట్టగానే పది సకినాలు తూచి పక్కన పెడతాను, మాకు రెండు వందల అరవై గ్రాములు. అవే వేయించి, నూనె కారనిచ్చి, చల్లారాక తూస్తే రెండు వందల దగ్గర రావాలి. రెండు వందల పది దాటితే లోపల తడి మిగిలింది, లేదా నూనె ఎక్కువ పీల్చింది. రెండింట్లో ఏదో తెలుసుకోవాలంటే ఒకటి విరవండి. మధ్యలో చప్పుడు లేకుండా వంగితే తడి. చప్పుడు వచ్చి, తెల్ల కాగితం మీద అదిమితే మచ్చ పెద్దగా వస్తే నూనె. నూట తొంభై కంటే తగ్గితే ఎక్కువ వేగింది, నువ్వులు చేదు తిరిగి ఉంటాయి. ఈ పది సకినాల తూకం ప్రతి మూడో వాయికి చేస్తాం, రెండు నిమిషాలు పట్టదు.

నూనె ఎన్నిసార్లు వాడాలని చాలామంది అడుగుతారు. ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం నూనె మళ్లీ మళ్లీ కాగి చెడిపోయే కొద్దీ అందులో పెరిగే పోలార్ పదార్థాలు మొత్తం 25 శాతం దాటితే వాడకూడదు. ఇది 2018 జులై నుంచి అమల్లో ఉంది. ఆ కొలిచే మీటరు ఖరీదు చిన్న యూనిట్‌కు భారమే. మీటరు లేకపోతే ముందే ఒక హద్దు పెట్టుకుని వాయిలు లెక్కపెట్టండి. ఆ హద్దు రాకముందే నురగ ఆగకుండా పొంగినా, నూనె చిక్కబడినా, మామూలు వేడికే పొగ వచ్చినా అదే రోజు తీసేయండి. పాత నూనెలో కొత్త నూనె కలుపుతూ పోవద్దు. రుచి రోజురోజుకూ కొంచెం కొంచెంగా మారుతుంది కాబట్టి మీకు తెలియదు. నెల తర్వాత ప్యాకెట్ విప్పినవాడికి మాత్రం ముక్కిపోయిన వాసన కొడుతుంది.

చల్లారకుండా కవర్లో వేస్తే ఆవిరి లోపలే నీరై సకినం మెత్తబడుతుంది. అలాగని ముసురు రోజుల్లో మూడు గంటలు బయట వదిలేసినా గాలిలో తడి పీల్చుకుని మెత్తబడుతుంది. చేత్తో పట్టుకుంటే వెచ్చదనం తెలియకుండా ఉండాలి, మాకు దానికి ముప్పావు గంట పడుతుంది. వెంటనే మూత డబ్బాలోకి, అక్కడి నుంచి ప్యాకింగ్‌కి. సీలు వేసిన ప్రతి ఇరవయ్యో ప్యాకెట్‌ను నీళ్ల బకెట్లో ముంచి నొక్కండి. బుడగ వచ్చిందా, దానికి ముందు కట్టినవన్నీ మళ్లీ చూడాల్సిందే.

ఇవన్నీ ఆ కాగితం మీద గడులుగా గీసి, కాటా పక్కన దారంతో వేలాడదీశాను. బియ్యం బస్తా ఏ రోజుది, జల్లించిన పిండి బరువు, పోసిన నీళ్లు, ఉప్పు గ్రాములు, నూనె వేడి, ఎన్నో వాయి, పది సకినాల తూకం, చల్లార్చిన సమయం, రాసినవారి సంతకం. పైన బ్యాచ్ నంబరు. జులై పన్నెండున రెండో ముద్ద అయితే 1207-2. అదే నంబరు ప్యాకెట్ మీద కూడా.

ఇంత రాసినా నాలుక ఒప్పుకోవాలి కదా. ప్రతి బ్యాచ్ నుంచి రెండు ప్యాకెట్లు దాస్తాం. కొత్త బస్తా బియ్యం, కొత్త నూనె డబ్బా వచ్చినప్పుడు మూడు గిన్నెలు పెడతాం. రెండింట్లో పాత బ్యాచ్, ఒకదాంట్లో కొత్తది. ఏది వేరుగా ఉందో చెప్పమని ఐదుగురిని అడుగుతాం. ఊరికే ఊహించినా ముగ్గురిలో ఒకరు సరిగ్గా చెప్పేస్తారు, కాబట్టి ఒకరిద్దరు పట్టుకుంటే కంగారుపడను. ఐదుగురిలో నలుగురు పట్టుకుంటే మాత్రం తేడా నిజంగా ఉన్నట్టే. ఆ ముద్ద సకినాలు షాపులకు వెళ్లవు. మంచి బ్యాచ్‌లో కొంచెం కొంచెంగా కలిపి అమ్మేద్దామని ఎవరైనా అంటారు, మా ఇంట్లోనే అన్నారు. కలిపితే ఆ నంబరుకు అర్థం పోతుంది. రేపు షాపాయన ఫోన్ చేసి నంబరు చెప్తే, మీరు ఏ కాగితం తీసి చూస్తారు అక్కా?