లినెన్ రూమ్ తాళాలు ఇచ్చేస్తున్నాను

అందరికీ నమస్కారం. మేనేజర్ గారు ఇందాక నా గురించి చాలా చెప్పారు. అందులో సగం పనులు ఎవరు చేశారో వెనక వరుసల్లో కూర్చున్నవాళ్లకి బాగా తెలుసు. ముందుకి రండర్రా, ఇవాళైనా ఆ గోడ వదలండి.

1995లో ఈ హోటల్లో రూమ్ అటెండెంటుగా చేరాను. నాకు పని నేర్పిన సూపర్‌వైజరమ్మ నిలబడి గది చూసేది కాదు. మంచం మీద పడుకుని సీలింగు చూసేది. కుర్చీలో కూర్చుని బల్ల కింద చూసేది. బాత్రూములో కమోడ్ మూత మీద కూర్చుని తలుపు వెనక చూసేది. గెస్టు కళ్లు ఎక్కడుంటాయో మన కళ్లూ అక్కడే ఉండాలనేది. ఆ తలుపు వెనక మరకల కోసం నా చేత తిట్లు తిననివాళ్లు ఇక్కడెవరైనా ఉంటే చెయ్యెత్తండి. చూశారా, ఒక్కరూ లేరు!

ఇంతమందిలో ఎవరికి ముందు థ్యాంక్స్ చెప్పాలా అని ఆలోచిస్తే, ప్రతిసారీ హుద్‌హుద్ తుఫాను దగ్గరికే వెళ్తోంది మనసు. 2014 అక్టోబరు 12, ఆదివారం. తర్వాత చేరినవాళ్లకి ఆ కథ తెలియదు కాబట్టి కొంచెం చెప్తాను.

సముద్రం వైపు అద్దాలు పగిలి గదుల్లోకి వాన కొట్టింది. కరెంటు లేదు, లాండ్రీ ఆగిపోయింది. మన దగ్గర దుప్పట్లు మూడు సెట్ల లెక్కన ఉంటాయి కదా. ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి అరలో. లాండ్రీ ఆగిందంటే మనకి మిగిలింది అరలో ఉన్న ఆ ఒక్క సెట్టే. ఊళ్లో దిగినవాళ్లు వెళ్లలేరు, కరెంటు పనులకి బయటి నుంచి వచ్చినవాళ్లకి గదులు కావాలి. అప్పుడు లినెన్ రూమ్‌లో కూర్చున్న అక్క కాగితం, పెన్సిలు తీసి లెక్క వేసింది. ఉన్న మనిషే ఉంటే దుప్పటి మార్చొద్దు, దిండు గలీబు మాత్రం మార్చండి. మనిషి మారితేనే మొత్తం సెట్టు. టవలు మనిషికి ఒకటే. గెస్టులకి ఆ మాట చెప్పి ఒప్పించింది ఫ్లోర్ అమ్మాయిలు. లాండ్రీ మళ్లీ నడిచేదాకా అరలో దుప్పటి అయిపోలేదు.

కార్పెట్ల సంగతి ఇంకోటి. మామూలు వాన నీళ్లయితే పిండి, ఆరబెడితే సరిపోతుంది. ఇది సముద్రపు గాలితో వచ్చిన తడి, అందులో ఉప్పుంది. ఉప్పు గాల్లో చెమ్మని పీలుస్తుంది. పైకి ఆరినట్టే ఉంటుంది, నాలుగు రోజులకి మళ్లీ జిగురు, కంపు. మంచినీళ్లతో కడిగితేగానీ పోదు. ఆ వారం నీళ్లు టాంకర్లో వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అందుకని అన్నీ కాపాడాలనుకోలేదు. కార్పెట్ అంచు ఎత్తి కింద స్పాంజి నొక్కి చూడండి, నీళ్లు ఊరితే కోసి పారెయ్యండి, ఊరకపోతే కడగండి అన్నాను. హౌస్‌మెన్ కుర్రాళ్లు మెట్ల మీదుగా ఆ బరువు చుట్టలు మోసుకుంటూ దించారు. లిఫ్టు లేదు మరి. అందులో ఇద్దరి ఇళ్లకి పైకప్పు రేకులే లేచిపోయాయి. నాకు ఆ సంగతి మూడో రోజుకి తెలిసింది, అదీ వేరేవాళ్లు చెప్తే. బాబూ, మీరిద్దరూ ఇక్కడే ఉన్నారు. ఆ రోజు మీకు ఏం చెప్పాలో తెలీలేదు. ఇవాళ చెప్తున్నాను, మీ రుణం ఉంచుకునే వెళ్తున్నాను.

టైలర్ గారూ, మిమ్మల్ని ఎవరూ స్టేజీ ఎక్కించరు. చిరిగిన టవళ్లు కోసి, అంచు కుట్టి, డస్టర్లు చేసేది మీరు. బాత్రూము డస్టరుకి ఎర్ర దారంతో కుట్టాలన్న ఆలోచన మీదే. కమోడ్ తుడిచిన గుడ్డ పొరపాటున కూడా గ్లాసు దగ్గరికి పోకుండా ఆపింది ఆ దారమే. ఎన్ని మీటింగులు పెట్టినా నా వల్ల కాలేదది.

పొద్దున్నే బాల్కనీ అద్దాలు తుడిచే తమ్ముళ్లూ, ఉప్పు పొర మీద పొడిగుడ్డ వెయ్యకండి, గీతలు పడతాయి, ముందు నీళ్లు కొట్టండి అని రోజూ చంపుకు తిన్నాను. విసుక్కోకుండా విన్నారు. విసుక్కునే ఉంటారు, నా వెనకాల. పర్లేదు.

లాండ్రీ అమ్మలూ, బాయిలర్ పక్కన ఏప్రిల్, మే నెలలు ఎలా ఉంటాయో ఏసీ గదుల్లోవాళ్లకి తెలీదు. అక్కడ ఎగ్జాస్టు ఫ్యాను ఇంకోటి పెట్టమని అడిగి అడిగి వెళ్తున్నాను. మేనేజర్ గారూ, ఇంతమంది ముందు మళ్లీ అడుగుతున్నాను.

రేపట్నుంచి నా కుర్చీలో కూర్చునే అమ్మాయి మన మూడో ఫ్లోరు నుంచి వచ్చిందే. అమ్మా, ఇవిగో మాస్టర్ కీ, లినెన్ రూమ్ తాళాలు. రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకో, ఉత్తినే పుచ్చుకోకు.

రేపు పొద్దున్న పెళ్లివాళ్ల గదులన్నీ ఒకేసారి ఖాళీ అవుతాయి. మార్నింగ్ షిఫ్టు వాళ్లు ముందు భోజనాలకి లేవండి.