లోటు తగ్గింది, అప్పు పెరిగింది: విజయనగరం స్టూడియోలో వాడిగా సాగిన చర్చ

2025-26 కేంద్ర బడ్జెట్ మీద విజయనగరంలోని ఒక స్థానిక ఛానల్ స్టూడియోలో జరిగిన చర్చ ఇది. ద్రవ్యలోటు తగ్గించామని ఒక పక్షం, అప్పు 200 లక్షల కోట్లకు చేరుతోందని మరో పక్షం వాదించుకుంటున్న రోజులవి. రెండు మాటలూ ఒకేసారి నిజం ఎలా అవుతాయన్నదే అసలు ప్రశ్న. కేకల మధ్య ఆ లెక్క తప్పిపోకూడదని, అడ్డుతగిలిన మాటలతో సహా రాసి పెట్టాను.

సమన్వయకర్త: నమస్కారం. అప్పు సుమారు 200 లక్షల కోట్లు, జనాభా 140 కోట్లు. తలకు లక్షా నలభై వేల పైమాటే. గజపతినగరంలో నిన్న పుట్టిన పసిబిడ్డ నెత్తిన కూడా అంతే భారం. మేడమ్, ఇది న్యాయమేనా?

అధ్యాపకురాలు: తలసరి అప్పు చెప్పినప్పుడు తలసరి ఉత్పత్తి కూడా చెప్పాలండి. బడ్జెట్ అంచనా ప్రకారం జీడీపీ సుమారు 357 లక్షల కోట్లు. అదే భాగహారం చేస్తే తలకు రెండున్నర లక్షలు దాటుతుంది. అప్పును జీడీపీలో శాతంగా చూసేది అందుకే. ముందు లోటు దగ్గర...

బ్యాంకు అధికారి (విశ్రాంత): అప్పు అప్పేనండి! రుణాల విభాగంలో పనిచేసి వచ్చినవాణ్ణి. పాత వడ్డీ కట్టడానికి కొత్త అప్పు అడిగేవాడికి మేము పైసా ఇచ్చేవాళ్లం కాదు. ప్రభుత్వం చేస్తున్నది అదే కదా?

అధ్యాపకురాలు: మీ మాటలో నిజం ఉంది, దానికి లెక్క కూడా ఉంది. ద్రవ్యలోటు 15.69 లక్షల కోట్లు. అంటే ఈ ఏడాది తెచ్చే నికర అప్పు అంత. వడ్డీ చెల్లింపులు 12.76 లక్షల కోట్లు. మొదటి దానిలోంచి రెండోది తీసేస్తే 2.93 లక్షల కోట్లు మిగులుతుంది. అదే ప్రాథమిక లోటు, జీడీపీలో 0.8 శాతం. వడ్డీ పాత ప్రభుత్వాల అప్పుల మీద కూడా పడుతుంది, ఇప్పటి మంత్రి దాన్ని మార్చలేరు. ఈ ఏడాది నిర్ణయాల వల్ల వచ్చిన లోటు ఎంతో తెలియాలంటే వడ్డీ తీసి చూడాలి.

బ్యాంకు అధికారి: వడ్డీ తీసేసి చూడమనడం ఏమిటండీ? మా ఖాతాదారుడు కూడా అలాగే అనేవాడు!

అధ్యాపకురాలు: దాచమనడం లేదు, విడిగా చూడమంటున్నాను. ప్రాథమిక లోటు సున్నా అయితే వడ్డీ మొత్తాన్ని అప్పుతో కడుతున్నట్టు. ఇప్పుడు ఆ వడ్డీకి తోడు మరో 2.93 లక్షల కోట్లు కూడా అప్పు తెస్తున్నాం. ప్రాథమిక మిగులు వస్తేనే వడ్డీలో కొంతైనా సొంత ఆదాయంతో కట్టినట్టు.

బ్యాంకు అధికారి: చూశారా, ఒప్పుకున్నారు!

సమన్వయకర్త: అంటే ఆ బిడ్డ నెత్తిన భారం ఇంకా పెరుగుతుందన్నమాట.

అధ్యాపకురాలు: రూపాయల్లో పెరుగుతుంది. జీడీపీతో పోల్చిన నిష్పత్తిలో తగ్గవచ్చు. ఆ రెండూ వేరండి.

రైతు ప్రతినిధి: ఒక్క మాట. మాకు తారకరామ తీర్థసాగర్ ప్రాజెక్టు నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పేవారు లేరు. ఈ శాతాలన్నీ...

బ్యాంకు అధికారి: నీళ్ల సంగతి తరువాత! వడ్డీ 7 శాతం, వృద్ధి 6.5 శాతం. వడ్డీ కంటే వృద్ధి తక్కువ. ఇక అప్పు కొండలా పెరగక ఏమవుతుంది? దీనికి అర్థశాస్త్రం చదవాలా?

అధ్యాపకురాలు: ఈ పొరపాటు టీవీల్లో రోజూ వింటున్నాను, అందుకే గట్టిగా చెబుతున్నాను. మీరు చెప్పిన 6.5 స్థిర ధరల్లో వృద్ధి, ధరల పెరుగుదల తీసేసిన సంఖ్య. వడ్డీ 7 శాతంలో ధరల పెరుగుదల కలిసే ఉంటుంది. ఒకటి తీసి, ఇంకొకటి ఉంచి పోల్చకూడదు. ప్రస్తుత ధరల్లో వృద్ధిని బడ్జెట్ 10.1 శాతంగా అంచనా వేసింది. ఆ 7నూ ఈ 10.1నూ పక్కపక్కన పెట్టాలి.

బ్యాంకు అధికారి: అంచనా! అంచనా మీద అప్పు ఇస్తారా ఎవరైనా?

సమన్వయకర్త: మేడమ్, మా ప్రేక్షకులకు అర్థమయ్యేలా ఒక్క నిమిషంలో.

అధ్యాపకురాలు: కేంద్రం అప్పు 2024-25 చివరికి జీడీపీలో 57.1 శాతం అని అంచనా. ఆ 57.1 మీద 7 శాతం వడ్డీ లెక్కగట్టి కలపండి, 61.1 అవుతుంది. జీడీపీ 10.1 శాతం పెరిగింది కాబట్టి 1.101తో భాగించండి, 55.5 వస్తుంది. ఈ ఏడాది ప్రాథమిక లోటు 0.8 కలపండి. 56.3. బడ్జెట్ చెప్పిన సంఖ్య 56.1. వడ్డీని నేను గుండ్రంగా 7 అన్నాను కాబట్టి ఆ కాస్త తేడా. లోటు ఉన్నా నిష్పత్తి తగ్గేది ఇలాగే. అప్పు వడ్డీతో పెరిగే వేగం కంటే కింద ఉన్న జీడీపీ పెరిగే వేగం ఎక్కువ.

బ్యాంకు అధికారి: ఆ వేగం తగ్గితే? చెప్పండి, తగ్గితే?

అధ్యాపకురాలు: సరైన ప్రశ్న. వృద్ధి 10.1 బదులు 8 అయిందనుకోండి. 61.1ని 1.08తో భాగిస్తే 56.6. దానికి 0.8 కలిపితే 57.4. నిష్పత్తి తగ్గకపోగా పెరిగింది. పైగా జీడీపీ తగ్గితే పన్నులు తగ్గుతాయి, అప్పుడు ఆ 0.8 కూడా 0.8గా ఉండదు.

బ్యాంకు అధికారి: అదే! అదే నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది! 2020-21లో ఏమైంది?

అధ్యాపకురాలు: ఆ ఏడాది ద్రవ్యలోటు 9.2 శాతం. జీడీపీ రూపాయల్లోనే తగ్గింది. భాగించే సంఖ్య చిన్నదైపోయి, కలిపే సంఖ్య పెద్దదైంది. కేంద్రం అప్పు నిష్పత్తి ఒక్క ఏడాదిలో ఇంచుమించు పది పాయింట్లు ఎగిసింది. ఆ తరువాత తగ్గడంలో వృద్ధి పాత్ర, ధరల పాత్ర చాలా ఉంది. అందుకే తగ్గింపు మొత్తం పొదుపు వల్లే వచ్చిందని...

బ్యాంకు అధికారి: విన్నారుగా! పొదుపు లేదని మేడమే అంటున్నారు!

అధ్యాపకురాలు: నేను అనని మాట అది. ప్రాథమిక లోటు తగ్గుతూ వస్తోంది, అది పొదుపే. అదొక్కటే కారణం కాదన్నాను.

రైతు ప్రతినిధి: అప్పు దేనికి తెచ్చారన్నది ఎవరూ అడగరా? మూలపేట పోర్టు లాంటిదానికి తెచ్చిన అప్పు, రోజువారీ ఖర్చుకు తెచ్చిన అప్పు ఒకటేనా?

అధ్యాపకురాలు: కాదు. కేంద్రం 15.69 లక్షల కోట్ల లోటులో రెవెన్యూ లోటు, అంటే రోజువారీ ఖర్చుకు ఆదాయం చాలక వచ్చే లోటు, సుమారు 5.2 లక్షల కోట్లు. మిగిలింది పెట్టుబడుల వైపు పోతుంది. అవి రేపటి వృద్ధిని పెంచితే ఆ భాగహారమే మనకు మేలు చేస్తుంది. పనులు ఆగిపోతే వడ్డీ మాత్రం ఆగదు.

సమన్వయకర్త: పోర్టు వచ్చాక అయినా ఆ బిడ్డ అప్పు తీరుతుందా?

అధ్యాపకురాలు: తీరడం లక్ష్యం కాదండి. 2031 మార్చి నాటికి 50 శాతానికి, ఒక పాయింటు అటూ ఇటూగా, తేవాలని కేంద్రం చెప్పుకుంది. అందులో వృద్ధి మన చేతిలో పూర్తిగా లేదు, పాత బాండ్ల వడ్డీ అసలే లేదు. చేతిలో ఉన్నది ప్రాథమిక లోటు. ప్రతి బడ్జెట్‌లోనూ అడగవలసింది...

బ్యాంకు అధికారి: అడగవలసింది ఒక్కటే! వడ్డీకి అప్పు చేసే ప్రభుత్వం ఎంతకాలం నడుస్తుంది? మూడు లక్షల కోట్లు తక్కువ ఖర్చు పెట్టమనండి, ప్రాథమిక లోటు పోతుంది!

రైతు ప్రతినిధి: ఎవరి ఖర్చు తగ్గిస్తారు? ఎరువుల రాయితీయా?

బ్యాంకు అధికారి: ఎక్కడైనా తగ్గించాలి!

అధ్యాపకురాలు: పెట్టుబడుల్లో తగ్గిస్తే వృద్ధి పడిపోయి, ఇందాక చేసిన లెక్కలో 10.1 కాస్తా 8 వైపు...

బ్యాంకు అధికారి: మళ్లీ శాతాలు! ప్రజలకు రూపాయలు అర్థమవుతాయి, శాతాలు కాదు!

సమన్వయకర్త: రూపాయల్లోనే చెప్పుకుందాం. తలకు లక్షా నలభై వేలు. ఎవరు కడతారన్న ప్రశ్నకు జవాబు ఈ రోజు దొరకలేదు. సమయం అయిపోయింది, మేడమ్, క్షమించండి. సార్, ముగింపుగా మీరు ఒక్క మాట.

బ్యాంకు అధికారి: ఒక్క మాట కాదు, రెండు చెబుతాను. మొదటిది...