బొమ్మల కథల పుస్తకానికి ప్రూఫ్ దిద్దడం: డుంబులానికా, డుంబులంకా?

[తెరపై: చిత్తుప్రతిలోని ఒక వాక్యం, పెద్ద అక్షరాల్లో]

వ్యాఖ్యానం:
ఈ వాక్యం చూడండి. "తన పొడవైన తోకను నేలకు ఆనించి గెంతుతున్న డుంబులంకి ఒక పండు కనబడగా, అది ఆనందంతో దానిని మింగేశాడు."

డుంబులం అనేది రచయిత కల్పించిన జంతువు. పుస్తకం నాలుగైదేళ్ల పిల్లలకు. పెద్దవాళ్లు పైకి చదువుతుంటే పిల్లలు బొమ్మలు చూస్తూ వింటారు. ఈ ఒక్క వాక్యాన్ని దిద్దుతూ పోతే, ఇలాంటి పుస్తకంలో ప్రూఫ్ రీడర్ చూడాల్సినవి చాలావరకు బయటపడతాయి.

మొదట కల్పిత పదం సంగతి తేల్చుకోవాలి. వ్యాకరణం, లయ రెండూ దాని మీదే ఆధారపడతాయి. నిఘంటువులో లేని మాట కాబట్టి ఏది తప్పో చెప్పే పుస్తకం ఎక్కడా దొరకదు. ఆ పుస్తకం మనమే తయారు చేసుకోవాలి, ఒక్క పేజీలో.

[తెరపై: ఖాళీ పట్టిక. మాట్లాడుతుండగా ఒక్కో గడి నిండుతుంది]

పేరును విడిగా రాసి వదిలేస్తే సరిపోదు. తెలుగులో పేరు చివర విభక్తి చేరగానే పేరే మారిపోతుంది. పుస్తకం పుస్తకానికి, పుస్తకాన్ని, పుస్తకాలు అయినట్టే డుంబులం కూడా డుంబులానికి, డుంబులాన్ని, డుంబులాలు అవుతుంది. అదే "తో", "లో" చేరితే సున్నా అలాగే ఉంటుంది: డుంబులంతో, డుంబులంలో. ఈ రూపాలన్నీ పట్టికలో రాయండి. "డుంబులంకి" అన్న రూపం తప్పని అప్పుడు వెంటనే కనబడుతుంది. కొత్త పేరు కదా, దాన్ని ముట్టుకోకూడదేమో అన్న జంకుతో చాలామంది సున్నా తర్వాత నేరుగా "కి" తగిలిస్తారు. కానీ పిల్లల చెవికి మిగతా తెలుగు మాటలు ఎలా మారతాయో అప్పటికే బాగా తెలుసు.

ఇక్కడే ఇంకో సంగతి. సున్నా గొడవ ఎందుకని పేరును "డుంబుల" అని మార్చేద్దామని ఎవరైనా అంటే, అదీ అన్ని రూపాల్లో రాసి చూడండి. "డుంబులకు పండు దొరికింది." డుంబు అనే జంతువులు చాలా ఉన్నాయనీ, వాటన్నిటికీ కలిపి ఒక పండు దొరికిందనీ వినిపిస్తుంది! పేరు ఒంటరిగా ఉన్నప్పుడు ఈ చిక్కు కనబడదు. అందుకే బొమ్మలు వేయడం మొదలుకాక ముందే పట్టిక రచయితకు పంపి, ఒప్పించుకోవాలి.

[తెరపై: డుంబులం వచ్చింది / డుంబులాలు వచ్చాయి / డుంబులాలు వచ్చారు]

పట్టికలో ఇంకో గడి ఉండాలి: ఈ జీవి "అది"నా, "వాడు"నా, "ఆమె"నా? మన వాక్యంలో "అది" అని మొదలుపెట్టి "మింగేశాడు" అని ముగించారు. ఇది సులువుగా దొరికే తప్పు. దొరకనిది అమ్మ డుంబులం విషయంలో జరుగుతుంది. "అది వచ్చింది", "ఆమె వచ్చింది": రెండింటికీ క్రియ ఒకటే. ఒక పేజీలో "అది" అనీ, ఇంకో పేజీలో "ఆమె" అనీ రాసినా క్రియలు చూసి పట్టుకోలేం. బహువచనం వచ్చాక గుట్టు బయటపడుతుంది, ఒకచోట "వచ్చాయి", మరోచోట "వచ్చారు" అని. కాబట్టి క్రియలతో పాటు సర్వనామాలను విడిగా, వరసగా, మొదటి పేజీ నుంచి చివరిదాకా వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లాలి.

ఇక వాక్యం పొడవు. మన వాక్యంలో గెంతడం, పండు కనబడటం, మింగడం అనే మూడు పనులు ఒకదానిలో ఒకటి దూరిపోయాయి. "కనబడగా", "ఆనించి" లాంటి రూపాలు క్రియను చివరిదాకా ఆపేస్తాయి. అంతవరకూ ఏం జరిగిందో పిల్లలకు తెలియదు. ఒక్కో పనికి ఒక్కో వాక్యం ఇవ్వండి. "పొడవైన", "ఆనందంతో" తీసేయవచ్చు. తోక పొడవు, ముఖంలో సంతోషం బొమ్మలో కనబడతాయి.

[తెరపై: నాలుగు పంక్తులు, అక్షరాల కింద మాత్రల గుర్తులు]

విడగొట్టాక ఇలా వచ్చింది:

డుంబులం గెంతింది, టప్‌కుటిక్.
తోక ఊపి గెంతింది, టప్‌కుటిక్.
పండొకటి చూసింది, టప్‌కుటిక్.
గుటుక్కున మింగింది!

పైకి చదవండి. రెండో పంక్తి దగ్గర నాలుక కాస్త తడబడుతుంది. ఎందుకో లెక్క చెబుతుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. దీర్ఘం, సున్నా ఉన్న అక్షరం, పొల్లుతో ముగిసేది, ఒత్తక్షరానికి ముందున్నది గురువులు. "డుంబులం" అయిదు మాత్రలు, "గెంతింది" అయిదు, "టప్‌కుటిక్" అయిదు. "తోక ఊపి" మాత్రం ఆరు. సంధి చేసి "తోకూపి" అంటే అయిదుకు వస్తుంది, కానీ అప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లలకు ఆ మాట గట్టిగా తగులుతుంది. "తోకతో గెంతింది" అని మారిస్తే రెండు ఇబ్బందులూ పోతాయి. "పండొకటి"లోనూ సంధి ఉంది, అయితే రోజూ వినే మాట కాబట్టి ఉంచవచ్చు. చివరి పంక్తిలో "టప్‌కుటిక్" లేకపోవడం తప్పు కాదు. అక్కడ గెంతు ఆగింది. పొరపాటున వదిలేశారనుకుని చేర్చకండి.

మాత్రల లెక్క కారణం చెప్పడానికి పనికొస్తుంది. తడబాటును పట్టుకోవాలంటే మాత్రం, ఆ కథ ఎప్పుడూ చూడని మనిషి చేత చదివించాలి. కాగితం చేతికిచ్చి, మధ్యలో ఏమీ చెప్పకుండా, ఆగిన చోటల్లా మీ ప్రతిలో పెన్సిల్ గీత పెట్టండి. మన వాక్యాలు మనకు వచ్చేసి ఉంటాయి, తప్పున్న చోట కూడా నాలుక సర్దుకుపోతుంది. ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకేచోట ఆగితే ఆ పంక్తి మార్చాల్సిందే.

లయ కోసం మార్పులు చేశాక పట్టిక మళ్లీ తీయాలి. కొత్తగా రాసిన పంక్తుల్లోనే పాత తప్పులు తిరిగి వస్తాయి.

[తెరపై: వెతుకుడు పెట్టె. అందులో "డుంబు", తర్వాత "డుమ్బు", "దుంబు", "డుంబూ"]

కంప్యూటర్లో పూర్తి పేరు వెతికితే సరిగ్గా రాసినవే దొరుకుతాయి, మనకు కావలసింది తప్పుగా రాసినవి. అందుకే తప్పు పడే అవకాశమున్న రూపాలను ఒక్కొక్కటిగా వెతకండి: సున్నాకు బదులు మకారం, డకు బదులు ద, ల స్థానంలో ళ, హ్రస్వానికి దీర్ఘం. "టప్‌కుటిక్" ఇంకా జాగ్రత్తగా చూడాలి. పొల్లును విడిగా నిలబెట్టడానికి "ప్" తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది, యూనికోడ్‌లో U+200C. అది పడకపోతే మాట "టప్కుటిక్" అవుతుంది. వెతికేటప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ రెండింటినీ వేర్వేరు మాటలుగా చూస్తాయి, కాబట్టి రెండు రకాలుగానూ వెతకాలి. ఎన్ని దొరికాయో, కాగితం మీద చేత్తో లెక్కపెట్టినవి ఎన్నో సరిపోల్చండి.

[తెరపై: లేఅవుట్ అయిన పేజీ. బొమ్మలో చెట్టుకు వేలాడే బోర్డు: "డుంబుళం ఇల్లు"]

ఆ బోర్డు చూశారా? "ళ" పడింది. బొమ్మలో చేత్తో రాసిన అక్షరాలు ఏ వెతుకులాటకూ దొరకవు. బోర్డులు, ఉత్తరాలు, మాటల బుడగలు, అట్ట, అట్ట వెనక రాత, పుస్తకం వెన్ను, ఇవన్నీ అచ్చు ప్రతి మీద పట్టిక పక్కన పెట్టుకుని కంటితో చదవాల్సినవే. దిద్దాలంటే చిత్రకారులు మళ్లీ గీయాలి. అందుకే బోర్డు మీద ఏం రాయాలో పెన్సిల్ స్కెచ్ దశలోనే వాళ్లకు టైపు చేసి పంపండి, ఫోన్లో చెప్పకండి.