వస్తాను, వస్తున్నాను, రాబోతున్నాను

శ్రోతలకు నమస్కారం.

నేను చాలా ఏళ్లుగా ఉద్యోగస్థులకు సాయంత్రం పూట ఇంగ్లీషు చెబుతున్నాను. ఆ తరగతికి వచ్చే ఒకామె కొంతకాలం కిందట నన్నొక సందేహం అడిగింది. ఈ రోజు మాట్లాడబోయేది దాని గురించే.

ఆమె పనిచేసే చోట విదేశంలో ఉన్న అధికారి ఫోనులో, శుక్రవారం సాయంత్రం ఏం చేస్తున్నారని అడిగాడు. ఆ సాయంత్రం అక్కగారింట్లో సత్యనారాయణ వ్రతం. పది రోజుల ముందే పిలుపు వచ్చింది, బస్సు టికెట్ కూడా కొనేసింది. అందుకని 'ఐ విల్ గో టు మై సిస్టర్స్ హౌస్' అని చెప్పింది. ఆయన సరేనని, శుక్రవారం సాయంత్రమే సమావేశం పెట్టేశాడు. తాను అంత స్పష్టంగా చెప్పినా ఆయన ఎందుకు పట్టించుకోలేదన్నది ఆమె బాధ.

ఆమె వాక్యంలో వ్యాకరణ దోషమేమీ లేదు. కానీ ఆయన చెవికి అది 'అయితే అక్కయ్య వాళ్లింటికి వెళ్తానులెండి' అన్నట్టు వినిపించింది. అంటే, ఆయన అడిగాక అప్పటికప్పుడు తోచిన ఆలోచనలాగా. అలాంటిదాన్ని పక్కకు జరపవచ్చు కదా అని ఆయన అనుకున్నాడు.

భవిష్యత్తు అనగానే మనకు బడిలో 'విల్' నేర్పారు. 'తాను, తావు, తాడు' ఎక్కడ ఉంటే అక్కడ 'విల్' పెట్టమన్నారు. అందుకే ఇలాంటి చిక్కు వస్తుంది. ఇంగ్లీషువాడు మాట్లాడేటప్పుడు పని ఎప్పుడు జరుగుతుందన్నదే కాదు, ఆ నిర్ణయం ఎప్పుడు జరిగిందన్నది కూడా క్రియలో చూపిస్తాడు. మాట్లాడుతున్న క్షణంలో నిర్ణయిస్తే 'విల్'. ముందే మనసులో అనుకుని ఉంటే 'గోయింగ్ టు'. అనుకోవడమే కాక, అవతలి మనిషితో మాట్లాడుకుని, టికెట్ కొని, సమయం ఖాయం చేసుకుని ఉంటే ప్రెజెంట్ కంటిన్యువస్.

'విల్' అనే మాటకు మొదట ఉన్న అర్థం కోరుకోవడం. ఆస్తి ఎవరికి చెందాలో రాసిపెట్టే పత్రాన్నీ వాళ్లు విల్ అనే అంటారు. రెండింటికీ మూలం ఒకటే. ఆ విల్‌కు పారసీ 'నామా' చేర్చుకుని మనం వీలునామా చేసుకున్నాం. సహాయక క్రియగా మారాక కూడా ఆ పాత ఇష్టం 'విల్'లో మిగిలే ఉంది. తలుపు చప్పుడైతే ఇంట్లో ఒకరు లేస్తూ 'ఐల్ గెట్ ఇట్' అంటారు, 'నేను చూస్తాలే' అని. అక్కడ 'ఐయామ్ గోయింగ్ టు గెట్ ఇట్' అంటే, చప్పుడు వస్తుందని ముందే తెలిసి కాచుకుని కూర్చున్నట్టు ఉంటుంది. మాట ఇవ్వడానికీ, సాయం చేస్తాననడానికీ 'విల్' సరిపోయేది ఇందువల్లే.

'గోయింగ్ టు' మాత్రం మనకు పరాయిది కాదు. దాని పుట్టుక నడకలో ఉంది: ఒక పని చేయడానికి వెళ్తున్నాను అన్నది, ఆ పని చేయాలని అనుకున్నాను అనే అర్థానికి మారింది. మన 'చేయబోతున్నాను' చూడండి. అందులో ఉన్నది పోవడమే: 'చేయ' పక్కన 'పోతున్నాను' చేరి, 'ప' కాస్తా 'బ' అయింది. రెండు భాషలూ వేర్వేరుగా ఒకే దారి పట్టాయి. నాకు ఇది చెప్పిన ప్రతిసారీ ముచ్చటేస్తుంది. అయితే మన 'బోతున్నాను' రోజువారీ మాటల్లో కొంచెం బరువుగా ఉంటుంది. ఇంగ్లీషులో 'గోయింగ్ టు' బరువు లేని మామూలు మాట. మనం 'ఈ ఏడాది కారు నడపడం నేర్చుకోవాలనుకుంటున్నాను' అనే చోట వాళ్లు 'ఐయామ్ గోయింగ్ టు లర్న్ టు డ్రైవ్' అంటారు. ఉద్దేశం ఉంది, ఏర్పాటు ఇంకా లేదు.

ఇక మూడోది. ఊళ్లో అమ్మ ఫోనులో 'శనివారం వస్తావా?' అంటుంది. 'వస్తానమ్మా' అంటాం. ఆవిడ అక్కడితో ఆగదు. 'వస్తానంటున్నావా, వస్తున్నావా?' అని గట్టిగా అడుగుతుంది. టికెట్ దొరికి ఉంటేనే 'వస్తున్నాను' అనగలం. 'వీలుంటే వస్తాను' అని ఎవరైనా అంటారు. 'వీలుంటే వస్తున్నాను' అని తెలుగువాళ్లెవరూ అనరు. ప్రెజెంట్ కంటిన్యువస్‌ను భవిష్యత్తుకు వాడే పద్ధతి అచ్చంగా ఇదే. తెలుగులో ఈ తేడాను ఒక్కసారి కూడా తప్పని వాళ్లం, ఇంగ్లీషులోకి రాగానే 'విల్' పట్టుకుని వేలాడుతున్నాం.

కాబట్టి ఆ శుక్రవారం ఆమె చెప్పవలసిన వాక్యం 'ఐయామ్ గోయింగ్ టు మై సిస్టర్స్ హౌస్ ఆన్ ఫ్రైడే ఈవెనింగ్'. ఇందులో 'గోయింగ్ టు' వినిపిస్తుంది కానీ, దాని తర్వాత ఉన్నది ఇల్లు, క్రియ కాదు. కనుక ఇది వెళ్తున్నాననే అర్థంలో ప్రెజెంట్ కంటిన్యువస్. 'ఫ్రైడే' అన్న మాటో, ముందు అడిగిన ప్రశ్నో లేకపోతే మాత్రం ఇప్పుడే దారిలో ఉన్నట్టు అర్థమవుతుంది.

ఇంతవరకూ మన చేతిలో ఉన్న పనుల సంగతి. మన చేతిలో లేనివాటిని ఊహించేటప్పుడు కొలత మారుతుంది. ఆకాశం నల్లబడి, చల్లగాలి లేచి, ఆరేసిన బట్టలు తీయడానికి పరుగెడుతూ మనం 'వాన పడేలా ఉంది' అంటాం. సాక్ష్యం కళ్ల ముందే ఉంది. అక్కడ ఇంగ్లీషులో 'ఇట్స్ గోయింగ్ టు రెయిన్'. వచ్చే నెలలో వానలు పడతాయని మన నమ్మకాన్నిబట్టి చెబితే 'విల్' సరిపోతుంది. ఇక్కడ ప్రెజెంట్ కంటిన్యువస్ కుదరదు, ఎందుకంటే వానతో ముందుగా మాట్లాడుకుని సమయం ఖాయం చేసుకున్నవారు లేరు. 'రేపు వాన పడుతోంది' అని తెలుగులోనూ అనం కదా.

ఒక్క చోట తెలుగే మనల్ని పక్కదారి పట్టిస్తుంది. పిట్టగోడ అంచున పిల్లవాడు తూలుతుంటే 'అయ్యో, పడిపోతాడు!' అని అరుస్తాం. దాన్ని 'హి విల్ ఫాల్' అంటే, ఎప్పుడో పడతాడని తాపీగా జోస్యం చెప్పినట్టు ఉంటుంది. కళ్లెదుట జరగబోతున్నదానికి 'హీజ్ గోయింగ్ టు ఫాల్' అనాలి. అలాగని ఊహల్లో ఈ గీత రాతి మీద గీసింది కాదు. ఎన్నికల్లో ఎవరు గెలుస్తారని అడిగితే రెండు రూపాల్లోనూ జవాబు చెప్పవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. కచ్చితంగా ఉండవలసింది మన నిర్ణయాల దగ్గరే.

అన్నిటికన్నా జాగ్రత్త కావలసినది కాదనే చోట. స్నేహితుడి పెళ్లికి వెళ్లడం కుదరలేదనుకోండి. 'నేను రాను' అని కబురు పంపితే అతనికి ఎలా ఉంటుంది? అలిగినట్టు, పంతం పట్టినట్టు ఉంటుంది. అందుకే 'రావడం లేదు, పరీక్షలు ఉన్నాయి' అంటాం. ఇంగ్లీషులో 'ఐ వోంట్ కమ్' అన్నది చాలాసార్లు అచ్చంగా ఆ 'రాను'లాగే తగులుతుంది. పాత ఇష్టం అక్కడ అనిష్టంగా బయటపడుతుంది. 'ఐయామ్ నాట్ కమింగ్' అంటే 'రావడం లేదు'. మా తరగతిలో ఆమె ఇది విని కాసేపు మాట్లాడలేదు. ఆ సమావేశం పెట్టినట్టు తెలిశాక తాను పంపిన జవాబు 'ఐ వోంట్ అటెండ్' అని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

నమస్కారం.