మూడు కంట్రోళ్లు, ఒక మిర్చి మిల్లు

అందరికీ నమస్కారం. ఈ ఎండలో గుంటూరు దాకా వచ్చారు కాబట్టి మేనేజ్‌మెంట్ మొత్తం ఏకరువు పెట్టను. కంట్రోలింగ్ అధ్యాయంలో ఒకే ఒక్క రకం బిట్టు గురించి మాట్లాడతాను. ఆఫీసులోనో ఫ్యాక్టరీలోనో జరిగిన చిన్న సంఘటన ఇచ్చి, ఇది ఫీడ్‌ఫార్వర్డా, కాంకరెంటా, ఫీడ్‌బ్యాకా అని అడుగుతారు చూడండి, అది. నిర్వచనాలు అడిగితే ఎవరికీ ఇబ్బంది లేదు, పని మొదలవకముందు, జరుగుతుండగా, అయిపోయాక అని గడగడా చెప్పేస్తారు. సంఘటన ఇవ్వగానే టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే "ముందు" అనే మాట కనపడగానే ఫీడ్‌ఫార్వర్డ్ మీద చెయ్యి పడిపోతుంది. దేనికి ముందు? అది మాత్రం ఎవరూ అడగరు.

మన ఊరి పనే తీసుకుందాం. యార్డులో కొన్న మిర్చి టిక్కీలు లారీలో కారం మిల్లుకు వచ్చాయి. గేటు దగ్గర ఒకాయన కొన్ని టిక్కీలు విప్పించి, పైన కాదు, లోపలి నుంచి కాయలు తీసి తేమ చూస్తాడు, తాలు కాయ ఎంతుందో, బూజు ఉందో చూస్తాడు. ఎండుమిర్చిలో తేమ పదకొండు శాతం దాటకూడదని ఆహార భద్రత నిబంధన. దాటితే లారీని వెనక్కి పంపుతాడు, లేదా ఆరబెట్టిస్తాడు. బూజు పట్టిన కాయలో అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది, మిల్లులో ఎంత మెత్తగా ఆడించినా అది పోదు, పొడిలో కలిసిపోతుంది అంతే. అందుకే కాయ కాయగా ఉన్నప్పుడే ఆపాలి. ఇది ఫీడ్‌ఫార్వర్డ్, ఇందులో ఎవరికీ అనుమానం ఉండదు.

ఇక ఆడించడం. రాపిడికి వేడి పుడుతుంది, వేడి పెరిగితే రంగు పాలిపోతుంది, వాసనా తగ్గుతుంది. మిల్లు దగ్గర నిలబడ్డ మనిషి బయటికొస్తున్న కారాన్ని వేళ్ల మధ్య పట్టుకుని చూసి, వేడిగా తగిలితే కాయ వదలడం తగ్గిస్తాడు, ఒక్కోసారి మిల్లు కాసేపు ఆపేస్తాడు. ఆడుతున్న కారమే దారిలో పడింది కాబట్టి కాంకరెంట్. పనిలో ఉండగానే సరిదిద్దాడు.

ఆ తర్వాత సంచుల్లో నింపారు. ఒక శాంపుల్ ల్యాబుకు వెళ్లింది, రెండు రోజులకు రంగు తగ్గిందని రిపోర్టు వచ్చింది. సరుకు ఇంకా గోడౌన్‌లోనే ఉంది, దుకాణాలకు పోలేదు. ఇప్పుడు చెప్పండి, ఇదేమిటి?

క్లాసులో అడిగితే చాలామంది "కస్టమర్‌కి చేరకముందే పట్టుకున్నాం కదండీ, ఫీడ్‌ఫార్వర్డ్" అంటారు. నేనూ నా విద్యార్థి రోజుల్లో ఇలాంటి బిట్టే ఇదే మాటతో తప్పు పెట్టాను, అందుకే వాళ్లను తిట్టను. కానీ ఇక్కడ ప్రాసెస్ ఏది? ఆడించడం. అది అయిపోయింది. చూసింది కాయను కాదు, మిల్లు పనిని కూడా కాదు, బయటికొచ్చిన పొడిని. అందుకని ఫీడ్‌బ్యాక్. ఆ లాటును ఆపవచ్చు, వేరే కారంతో కలపవచ్చు, కానీ పోయిన రంగు మాత్రం వెనక్కి రాదు. రిపోర్టు వల్ల ఎక్కువ లాభం తర్వాతి లాటుకే: మిల్లు వేగం ఎంత ఉంచాలి, ఎన్ని గంటలకోసారి ఆపాలి అన్నది మారుతుంది.

ఇప్పుడు అసలు తిరకాసు. అదే కారం లారీలో విజయవాడలో పచ్చళ్ల తయారీదారు దగ్గరకు వెళ్లింది. ఆయన కూడా సంచి విప్పించి, అదే పద్ధతిలో అదే పరీక్ష చేయించి, బాగుంటేనే మామిడి ముక్కల్లో కలుపుతాడు. ఇది ఫీడ్‌ఫార్వర్డ్. పరీక్ష మారలేదు, పొడి మారలేదు, ప్రాసెస్ మారింది. మిల్లువాడికి ఔట్‌పుట్ అయినది పచ్చడివాడికి ఇన్‌పుట్. కాబట్టి ప్రశ్న చదవగానే ఎవరి ప్రాసెస్ గురించి మాట్లాడుతున్నారో పెన్సిల్‌తో గీత గీయండి. గీత పడ్డాక, మేనేజర్ చూస్తున్నది ఇన్‌పుట్‌నా, నడుస్తున్న పనినా, ఔట్‌పుట్‌నా అని చూస్తే చాలా బిట్లు తేలిపోతాయి. "తనిఖీ" అన్న మాట ఒక్కటే దేన్నీ తేల్చదు.

ఒక బిట్టు వినండి. "కాల్ సెంటర్ సూపర్‌వైజర్ ఉద్యోగుల కాల్స్ వింటూ నాణ్యత పరిశీలిస్తాడు." వింటాడు అన్నంత మాత్రాన కాంకరెంట్ కాదు. కాల్ నడుస్తుండగా విని, అవసరమైతే మధ్యలో కలగజేసుకుంటే కాంకరెంట్. రికార్డింగులు వారం తర్వాత విని మార్కులు వేస్తే ఫీడ్‌బ్యాక్. పరీక్షలో "రికార్డ్ చేసిన" అన్న ఒక్క మాట మధ్యలో ఇరికిస్తారు, అక్కడే మార్కు పోతుంది. సీసీ కెమెరాతోనూ ఇంతే. స్క్రీన్ ముందు మనిషి కూర్చుని అప్పటికప్పుడు ఫోన్ చేసి ఆపితే ఒకటి, దొంగతనం జరిగాక ఫుటేజీ తిరగేస్తే ఇంకొకటి.

రియల్ టైమ్ అని రాసి ఉంటే కళ్లు మూసుకుని కాంకరెంట్ పెట్టకండి. హెరాల్డ్ కూంట్జ్ 1972లో ఫీడ్‌ఫార్వర్డ్ గురించి రాస్తూ పట్టుకున్నది ఈ ఆలస్యం సంగతినే: సమాచారం వెంటనే చేతికొచ్చినా, తేడా ఎందుకొచ్చిందో కనుక్కుని, ఏం చెయ్యాలో తేల్చి, అమలు చేసేసరికి సమయం గడిచిపోతుంది. అందుకే ఇన్‌పుట్లను ముందే కనిపెట్టుకుని ఉండాలన్నాడు. రాబోయే నెలల నగదు రాకపోకల అంచనా వేసి, లోటు కనపడితే ఇప్పుడే అప్పు మాట్లాడుకోవడం ఈ కోవలోకే వస్తుంది. నెలాఖరున బడ్జెట్‌కూ ఖర్చుకూ తేడా లెక్కగడితే అది ఫీడ్‌బ్యాక్. రెండూ అకౌంట్స్ సెక్షన్‌లోనే, రెండూ కాగితం మీదే.

పేర్లతోనూ కాస్త జాగ్రత్త. కొన్ని పుస్తకాల్లో ఈ మూడింటినే ప్రిలిమినరీ, స్క్రీనింగ్, పోస్ట్‌యాక్షన్ అంటారు. స్క్రీనింగ్ అంటే ఇంటర్వ్యూకు ముందు దరఖాస్తులు వడకట్టడం గుర్తొచ్చి ఫీడ్‌ఫార్వర్డ్ అనుకుంటారు, కానీ ఆ వరసలో స్క్రీనింగ్ పని నడుస్తుండగా చేసేది.

చివరగా, నన్ను ఎక్కువ మంది అడిగే బిట్టు. "గత ఆరు నెలల బ్రేక్‌డౌన్ రికార్డులు చూసి, మేనేజర్ యంత్రాలకు నెలనెలా ముందస్తు సర్వీసు షెడ్యూల్ పెట్టాడు." ఇందులో రెండు పనులున్నాయి. రికార్డులు చూడడం అయిపోయిన దాన్ని చూడడమే, ఫీడ్‌బ్యాక్. షెడ్యూల్ పెట్టడం యంత్రం ఆగిపోకముందే చేసేది, ఫీడ్‌ఫార్వర్డ్. మరి ఏది పెట్టాలి? ప్రశ్న దేన్ని అడిగిందో చూడండి. "ముందస్తు సర్వీసు ఏ రకం కంట్రోల్?" అంటే ఫీడ్‌ఫార్వర్డ్. "రికార్డుల సమీక్ష ఏ రకం?" అంటే ఫీడ్‌బ్యాక్. ఏదీ విడదీయకుండా మొత్తం వాక్యానికి ఒక్క జవాబే అడిగితే, వాక్యం చివరి క్రియ దగ్గరికి వెళ్తాను నేను. ఇక్కడది "షెడ్యూల్ పెట్టాడు". రికార్డులు దానికి దారి చూపాయంతే. నేనైతే ఫీడ్‌ఫార్వర్డ్ పెడతాను. ప్రశ్న రాసినాయన తీరు ఒక్కోసారి వేరుగా ఉంటుంది, అందుకే పాత పేపర్ల కీలు ఎదురుగా పెట్టుకుని చెయ్యమంటాను. ఇక మీ ప్రశ్నలు అడగండి, ముందుగా వెనక బెంచీ వాళ్లు.